వర్షం సంగతి ముందే ఎవరికి తెలుసు?

జపనీస్‌లో ‘అమె’ అంటే వర్షం. ‘అమె దా’ అంటే వర్షం పడుతోందని. వ్యాకరణం లెక్కన వాక్యం అక్కడితో పూర్తయింది. అయినా ఎదురుగా మనిషి ఉన్నప్పుడు జపాన్‌వాళ్లు మాటను అలా బోసిగా వదిలెయ్యడం తక్కువ. చివర ఇంకో చిన్న ముక్క తగిలిస్తారు. ‘అమె దా నె’ అంటారు, లేదా ‘అమె దా యొ’ అంటారు, ఒక్కోసారి రెండూ కలిపి ‘అమె దా యొ నె’ అంటారు. మూడింట్లోనూ పడుతున్న వర్షం ఒకటే, దాని జోరులో తేడా ఏమీ లేదు. కానీ ఒకచోట అనాల్సింది ఇంకోచోట అన్నారంటే విన్నవాళ్లు నొసలు చిట్లిస్తారు.

ఇద్దరు కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నారనుకోండి. ఇద్దరికీ వర్షం కనిపిస్తూనే ఉంది. అప్పుడు వచ్చే మాట ‘అమె దా నె’. ఇప్పుడు ఒకరు లోపల గదిలో ఉన్నారు, బయట ఏం జరుగుతోందో చూడలేదు, గొడుగు లేకుండా చెప్పులు వేసుకుంటున్నారు. అప్పుడే బయటినుంచి వచ్చిన మనిషి అతనితో అనే మాట ‘అమె దా యొ’. ఇక మూడోది: చూరు మీద చప్పుడు వినిపిస్తోంది, వర్షమేనని నమ్మకం, కానీ పక్కనున్న మనిషి కూడా అవునంటే బాగుండునని ఉంది. అప్పుడు ‘అమె దా యొ నె’. 

అంటే ఈ ముక్కలు వర్షం గురించి ఏమీ చెప్పవు. వర్షం సంగతి ఎవరికి ముందే తెలుసు, ఎవరికి తెలియదు అన్నది చెబుతాయి. కొరియన్‌లోనూ వాక్యం చివర ఇదే పని చేసే ప్రత్యయాలు డజన్లకొద్దీ ఉన్నాయి. ఇంగ్లీషులో ఆ స్థానంలో ఏమీ లేదు. కొరియన్ సీరియళ్లు, జపనీస్ యానిమేలు ఇంగ్లీషు సబ్‌టైటిళ్లతో చూసేవాళ్లకు పాత్రల గొంతులో ఏదో విసుగో చనువో వినబడుతూ, కింద అక్షరాల్లో మాత్రం చప్పగా ‘ఇట్స్ రెయినింగ్’ అని కనబడడానికి పెద్ద కారణం ఇదే. ఆ విసుగును, ఆ చనువును ఇంగ్లీషులోకి తేవడం ఎలాగో అనువాదకులు రోజూ తేల్చుకోవాల్సిన లెక్క.

సమాచారానికీ సరిహద్దులు

జపాన్ భాషాశాస్త్రవేత్త అకియో కమియో 1990లో వెలువరించిన పుస్తకంలో దీనికి ఒక చక్కటి చట్రం కట్టాడు. ఆయన వాడిన మాట ‘నవబరి’. తాడు కట్టి ఇది నా జాగా అని హద్దు వేసుకోవడం అన్నమాట. ప్రతి మనిషికీ పొలానికి గట్టు ఉన్నట్టే సమాచారానికీ ఒక గట్టు ఉంటుందని ఆయన వాదన. నా తలనొప్పి, నా ఉద్యోగం, నేను కళ్లారా చూసింది నా గట్టు లోపలివి. మీ ఊరు, మీ పిల్లల చదువు మీ గట్టు లోపలివి. వాతావరణం లాంటివి ఇద్దరి గట్టు లోపలా ఉంటాయి. జపనీస్‌లో నోరు విప్పేముందు ఈ సంగతి ఎవరి జాగాలో ఉందో చూసుకోవాలి.

దీని ప్రకారం ‘నె’ అంటే, ఈ సంగతి నీ జాగాలోనూ ఉందని నాకు తెలుసు అని ఒప్పుకోవడం. ‘యొ’ అంటే, ఇది నా జాగాలోది, నీకింకా చేరలేదు, ఇదిగో ఇస్తున్నాను అనడం. అందుకే ‘తనకా సాన్ దెస్ నె’ అంటే ‘మీరు తనకా గారే కదండీ’ అని. పేరు ఆయనది, ఆయనకే బాగా తెలుసు కాబట్టి ‘నె’. అదే ‘తనకా సాన్ దెస్ యొ’ అంటే పక్కవాడికి ‘ఆయన తనకా గారండీ’ అని చెప్పడం. తనకా గారి ఎదుటే నిలబడి ఆయనతోనే ‘యొ’ అంటే, ఆయన పేరు ఆయనకే నేర్పుతున్నట్టు ఉంటుంది.

జపనీస్ నేర్చుకునేవాళ్లు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. చలికి వణుకుతూ బస్సు కోసం నిలబడ్డ మనిషితో ‘సముయి దెస్ యొ’ అంటే వ్యాకరణంలో తప్పేమీ లేదు. కానీ అతనికి చలి వేస్తున్న సంగతి అతనికి తెలియనట్టు మాట్లాడాం. అక్కడ కావాల్సింది ‘సముయి దెస్ నె’. ఇంతకన్నా ఇబ్బందైనది పై అధికారి చెప్పినదానికి జవాబు. ‘వకరిమష్త’ అంటే ‘అర్థమైందండి’ అని, మర్యాదైన మాట. దానికి ‘యొ’ తగిలించి ‘వకరిమష్త యొ’ అన్నామంటే, ‘అర్థమైందన్న సంగతి మీకింకా ఎక్కినట్టు లేదు, అందుకే చెబుతున్నా’ అన్నట్టవుతుంది. మనం ‘అబ్బ, అర్థమైందిలెండి’ అంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మర్యాద అంతా ఆ ఒక్క అక్షరంతో గాల్లో కలిసిపోతుంది.

రాగం కూడా చూసుకోవాలి. ‘అమె దా యొ’ అన్నప్పుడు చివర గొంతు పైకి లేస్తే అది సాయం: ‘వర్షం పడుతోంది, చూసుకో’ అని. గొంతు కిందికి దిగితే అది ఎదురుమాట: ‘ఏం వెళ్తాం, వర్షం కదా!’ అని. సినిమాలో ఈ తేడా చెవికి తెలుస్తుంది. నవలలో తెలియదు, రెండూ ఒకలాగే అచ్చవుతాయి. కాబట్టి అనువాదకుడు ముందు వెనక వాక్యాలు చూసి గొంతు లేచిందో దిగిందో తానే తేల్చుకోవాలి.

‘సో దా’ అనే మాటను తీసుకుంటే ఈ ముక్కల బలం ఇంకా బాగా కనిపిస్తుంది. ‘అంతే’, ‘అవును’ అని దాని అర్థం. ‘సో దా నె’ అంటే నాకూ అలాగే అనిపిస్తోందని. ‘సో దా యొ’ అంటే నువ్వనుకున్నది నిజమే, నేను ధ్రువీకరిస్తున్నానని. ‘సో కా’ అంటే ఓహో, ఇప్పుడు తెలిసిందని. ‘సో నా నొ’ అంటే అలాగా, ఇంకా చెప్పు అని. నాలుగింటికీ ‘యెస్’ అని రాసేస్తే సంభాషణలో ఎవరు ఎవరికి చెబుతున్నారో తలకిందులవుతుంది. తెలిసినవాడు ఇప్పుడే తెలుసుకున్నవాడిలా, తెలియనివాడు సర్వజ్ఞుడిలా కనిపిస్తారు.

జపాన్‌లో బాగా చలామణీలో ఉన్న ఒక కథ ఉంది. నవలాకారుడు నత్సుమె సోసెకి ఇంగ్లీషు పాఠాలు చెప్పే రోజుల్లో, ‘ఐ లవ్ యూ’ని జపనీస్‌లోకి ఎలా తేవాలన్న ప్రశ్న వచ్చిందట. ‘త్సుకి గా కిరే దెస్ నె’ అంటే చాలన్నాడట. చంద్రుడు అందంగా ఉన్నాడు కదా అని. ఆయన నిజంగా అలా అన్నట్టు ఆధారం ఎవరూ చూపలేదు, తర్వాతి కాలంలో పుట్టిన కథే అనుకోవాలి. కానీ ఆ కథ ఇంతమందికి నచ్చడంలో చంద్రుడి వంతు కన్నా ‘నె’ వంతే ఎక్కువ. ఇద్దరూ ఒకే చంద్రుణ్ణి ఒకేసారి చూస్తున్నారని చెబుతున్నది ఆ అక్షరమే. దాని స్థానంలో ‘యొ’ పెట్టి చూడండి. ‘ఇలా రా, చంద్రుడు బాగున్నాడు’ అని లోపలున్నవాళ్లను డాబా మీదికి పిలిచే కబురవుతుంది.

కొరియన్‌లో అదే శబ్దం, వేరే పని

జపనీస్ ముక్కలు పూర్తయిన వాక్యం వెనక వచ్చి నిలబడతాయి. వద్దనుకుంటే తీసెయ్యొచ్చు. కొరియన్ ప్రత్యయాలు క్రియకే అతుక్కుంటాయి. ఏదో ఒకటి లేకుండా క్రియ ముగియదు, కాబట్టి కొరియన్‌లో మాట్లాడేవాళ్లు ప్రతి వాక్యానికీ ఎంచుకోక తప్పదు. అవి మన క్రియల చివరి ‘లే’, ‘ట’ల్లాగే ఉంటాయని తెలుగువాళ్లకు వెంటనే తోస్తుంది.

ఒకటి నేర్చుకున్నాక రెండోదానికి వెళ్లేవాళ్లకు ఇక్కడ రెండు గుంటలున్నాయి. కొరియన్‌లోనూ ‘యొ’ ఉంది. దానికి జపనీస్ ‘యొ’తో సంబంధమే లేదు. అది అచ్చంగా మన ‘అండి’. పెద్దవాళ్లతో, కొత్తవాళ్లతో మాట్లాడేటప్పుడు వాక్యం చివర చేరుతుంది, చనువున్నచోట రాలిపోతుంది. రెండోది ‘నె’. జపనీస్‌లో ‘సముయి నె’ అంటే ‘చలిగా ఉంది కదా’ అని ఎదుటివాణ్ణి కలుపుకోవడం. కొరియన్‌లో ‘చుమ్‌నె’ అంటే ‘అరె, చలేస్తోందే!’ అని. తలుపు తెరవగానే చలిగాలి తగిలినప్పుడు, పక్కన ఎవరూ లేకపోయినా తనలో తాను అనుకునే మాట. ఒకటి పంచుకోవడం, ఇంకొకటి అప్పుడే కనుక్కోవడం.

వర్షంతోనే కొరియన్ ప్రత్యయాలను చూద్దాం. మనకు ‘వాన వచ్చింది’ అన్నట్టే వాళ్లకూ వాన ‘వస్తుంది’. వాన ‘పి’, రావడం ‘ఒ’. అప్పుడే గమనిస్తే ‘పి ఒనె’. ఇద్దరికీ తెలిసిందే, ఒక్కసారి సరిచూసుకుందామంటే ‘పి ఒజి?’ నీకు తెలిసే ఉండాలి, ఎలా మర్చిపోయావు అన్న ధోరణి ఉంటే ‘పి ఒజానా’. నేను చేసినదానికి కారణం ఇది, నీకు తెలియదు కాబట్టి చెబుతున్నా అంటే ‘పి ఒగొదున్’. ఎవరో చెప్పగా విన్నదైతే ‘పి ఒందె’. నేను వెళ్లి కళ్లారా చూసి వచ్చానంటే ‘పి ఒదొరా’.

వీటిలో రెండింటి దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే సీరియళ్లలో దెబ్బలాటలన్నీ వీటి మీదే నడుస్తాయి. ‘జానా’కు మూలం ‘కాదా’ అని అడిగే వ్యతిరేక ప్రశ్న, మన ‘కదా’ లాంటిదే. చనువున్నవాళ్ల మధ్య అది ‘గుర్తుందిగా’ అన్నంత మెత్తగా ఉంటుంది. కోపంలో ‘చెప్పాను కదా!’ అయి కూర్చుంటుంది. ‘గొదున్’ నిజానికి వినయమైన ప్రత్యయం, వెనక కథ చెప్పడానికి పనికొస్తుంది. ‘నేను రాను. వాన పడుతోంది, అందుకని’ అన్నట్టు. అదే ప్రత్యయాన్ని, ఎదుటివాడికి తెలియక్కర్లేదని తేలిపోయినచోట విసిరితే పదునెక్కుతుంది. ‘ఆల్గొదున్’ అంటే మాటకు మాటగా ‘నాకు తెలుసు’ అని. టీనేజీ పిల్ల తల్లితో అంటే ‘ఆఁ, తెలుసులే’ అని మూతి తిప్పడం. జపనీస్ ‘యొ’ విసుగుగా మారిన దారే ఇది. నీకు తెలియదు అన్న భంగిమను అవసరం లేనిచోట పెడితే ఏ భాషలోనైనా అది దెప్పడమే అవుతుంది.

ఇంగ్లీషు ఎక్కడ దాస్తుంది?

ఈ ముక్కలకు ఇంగ్లీషులో సమానపదం వెతకడం మొదటి తప్పు. పాఠ్యపుస్తకాలు ‘నె’కు ‘ఇజింట్ ఇట్’ అనీ, ‘యొ’కు ‘యు నో’ అనీ చెబుతాయి. నేర్చుకునేవాడికి అది ఊతకర్ర. అనువాదంలో పెడితే రెండూ కాలు జారుస్తాయి.

జపనీస్ కబుర్లలో ‘నె’ దాదాపు ప్రతి మాటకూ పడుతుంది. ప్రతిచోటా ‘ఇజింట్ ఇట్’, ‘డోంట్ యు’ పెట్టుకుంటూ పోతే ఇద్దరు స్నేహితురాళ్ల ముచ్చట కోర్టులో వకీలు సాక్షిని గుచ్చి గుచ్చి అడిగినట్టు తయారవుతుంది. ‘ఎహ్’ పెడదామంటే మనిషి కెనడా నుంచి వచ్చినట్టుంటుంది, ‘ఇనిట్’ పెడితే లండన్ కుర్రాడవుతాడు. ‘యు నో’ సంగతి ఇంకా చిత్రం. ‘నీకు తెలుసు’ అని దాని పైకి కనిపించే అర్థం, ‘యొ’ చెప్పేది సరిగ్గా దానికి వ్యతిరేకం. ‘ఇట్స్ రెయినింగ్, యు నో’ అంటే ఇంగ్లీషువాడి చెవికి ఆ మాత్రం చూసుకోవద్దా అన్న మందలింపు వినబడుతుంది. గొడుగు మర్చిపోయినవాడి మీద జాలితో అన్న మాట కాస్తా గదమాయింపు అయిపోతుంది.

నిజానికి ఇంగ్లీషుకూ ఈ తేడాలన్నీ తెలుసు. వాటిని వాక్యం చివర ఒకేచోట పెట్టుకోదు, అంతే. చాలాసార్లు వాక్యం మొదట్లో పెడుతుంది. ‘హే, ఇట్స్ రెయినింగ్’ అంటే నీకు తెలియదని చెబుతున్నా. ‘ఓ, ఇట్స్ రెయినింగ్’ అంటే నేనిప్పుడే చూశా. ‘బట్ ఇట్స్ రెయినింగ్’ అంటే ఇది నీకు తెలిసీ బయల్దేరుతున్నావా. మొదటి మాట మారగానే జపనీస్ ‘యొ’, కొరియన్ ‘నె’, ‘జానా’ వరసగా వచ్చేశాయి. విన్నమాటకు ‘అపారెంట్లీ’ ఉంది, ‘సపోజ్డ్ టు’ ఉంది. ఓహో అలాగా అనడానికి ‘సో’ ఉంది.

ఇంకో దారి అంత తేలిగ్గా కంటికి ఆనదు. చలిలో ఇద్దరు కలుసుకున్నారు. జపనీస్‌లో ఒకరు ‘సముయి నె’ అంటే రెండోవారు కూడా ‘సముయి నె’ అంటారు. అదే మాట, అదే ‘నె’. ఇంగ్లీషులో ‘ఇట్స్ కోల్డ్’ అన్నదానికి ‘ఇట్స్ కోల్డ్’ అని జవాబిస్తే వెక్కిరించినట్టుంటుంది. అక్కడ ఒప్పుకునే పద్ధతి వేరు. అమెరికన్ సమాజశాస్త్రవేత్త అనితా పొమెరాంట్జ్ ఇంగ్లీషు సంభాషణల రికార్డింగులు వరసపెట్టి పరిశీలించి, 1984లో అచ్చయిన వ్యాసంలో దీన్ని వివరించింది. ఇంగ్లీషువాళ్లు మనసారా ఒప్పుకునేటప్పుడు ఒక మెట్టు ఎక్కువ మాట వాడతారు. బాగుందంటే అద్భుతంగా ఉందంటారు. అదే మాట తిరిగి అంటే మనస్ఫూర్తిగా కాదేమో అనిపిస్తుంది. అందువల్ల ఆ రెండో ‘సముయి నె’కు సరైన ఇంగ్లీషు ‘ఫ్రీజింగ్’. ‘నె’ మాయమైపోలేదు. మాట బలం పెరగడంలోకి వెళ్లింది.

ఒక సంభాషణ, అక్షరం అక్షరంగా

ఇప్పుడు ఐదారు మాటల కొరియన్ సంభాషణ ఒకటి తీసుకుని పని చేసి చూద్దాం. ఇంట్లో అక్క, తమ్ముడు. తమ్ముడు బయటికి బయల్దేరుతున్నాడు. ‘నా నాగాన్దా’ అంటాడు. నేను వెళ్తున్నా అని. అక్క తల ఎత్తకుండా ‘పి ఒజానా’ అంటుంది. తమ్ముడు కిటికీ వైపు తిరిగి ‘ఒ, పి ఒనె’ అంటాడు. అక్క ఫోన్ చూసి ‘ఒహూఎ గుచిందె’ అంటుంది. మధ్యాహ్నం తగ్గుతుందట అని. తమ్ముడు ‘గురొమ్ ఇత్తా నాగాజి మ్వొ’ అంటాడు. అప్పుడే బజారు నుంచి వచ్చిన అమ్మ చేతిసంచి కింద పెడుతూ ‘పాక్కె చుప్తొరా’ అంటుంది. బయట చలిగా ఉందని.

ప్రత్యయాలు పట్టించుకోకుండా ఇంగ్లీషు చేస్తే వచ్చేది ఇది: ‘ఐయామ్ గోయింగ్ అవుట్’, ‘ఇట్స్ రెయినింగ్’, ‘ఓ, ఇట్స్ రెయినింగ్’, ‘ఇట్ విల్ స్టాప్ ఇన్ ద ఆఫ్టర్‌నూన్’, ‘దెన్ ఐ విల్ గో లేటర్’, ‘ఇట్స్ కోల్డ్ అవుట్‌సైడ్’. ఒక్క తప్పూ లేదు. కానీ మనుషులు లేరు. అక్క వాతావరణ శాఖలా మాట్లాడుతోంది. రెండో మాట, మూడో మాట ఒకటే అయ్యేసరికి తమ్ముడు అక్కను అనుకరిస్తున్నట్టుంది.

ఒక్కో మాట దగ్గర ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఈ సంగతి ఎవరికి ఎలా తెలుసు? అక్క మాటలోని ‘జానా’, నీకు కళ్లున్నాయి కదా అంటోంది. ఇంగ్లీషులో ఇలాంటప్పుడు అక్కలు వర్షం పడుతోందని చెప్పరు. ‘ఇన్ దిస్ రెయిన్?’ అంటారు. ‘దిస్’ అనగానే వర్షం ఇద్దరికీ తెలిసినదైపోయింది, ప్రశ్నార్థకంతో మందలింపూ వచ్చింది. క్రియ పోయింది, వాక్యం పోయింది, ‘జానా’ మాత్రం నిలిచింది. తమ్ముడి ‘నె’ అప్పుడే చూసినదానికి గుర్తు. ‘హహ్. సో ఇట్ ఈజ్’ అంటే అదే వస్తుంది. అక్క చెప్పింది నిజమేనన్న చిన్న ఓటమి కూడా అందులో ఉంది.

తర్వాతి అక్క మాటలో ‘దె’ ఫోన్‌లో చూసి చెబుతున్నానని, నాది కాదు ఆ జోస్యమని. ‘ఇట్స్ సపోజ్డ్ టు స్టాప్ దిస్ ఆఫ్టర్‌నూన్’. ‘దే సే’ అన్నా తప్పు కాదు గానీ, ఇంట్లో వాతావరణం గురించి అలా ఎవరూ అనరు. తమ్ముడి ‘జి మ్వొ’ చేసేదేముంది అన్న సర్దుబాటు, మన ‘తర్వాతే వెళ్తాలే’లోని ‘లే’. దానికి ‘గెస్ ఐల్ గో లేటర్, దెన్’. ‘గెస్’ ముందు ‘ఐ’ రాలిపోవడం వల్లే ఆ నిరుత్సాహం తెలుస్తుంది. చివరగా అమ్మ ‘దొరా’. ఆ చలిలోంచే వచ్చానన్న సాక్ష్యం అది. ‘ఐ సా దట్ ఇట్ వాజ్ కోల్డ్’ అంటే పోలీసు వాంగ్మూలం. ‘ఇట్స్ ఫ్రీజింగ్ అవుట్ దేర్’ అంటే సరిపోయింది. ‘అవుట్‌సైడ్’ ఎవరైనా అనొచ్చు, కిటికీలోంచి చూసి కూడా అనొచ్చు. ‘అవుట్ దేర్’ అని అంత నొక్కి అనేది ఎక్కువగా అక్కడికి వెళ్లి వచ్చినవాళ్లు.

ఇదంతా తెలుగులో చెయ్యాలంటే ఇంత తిప్పలు లేవు. ‘వాన పడుతోంది కదరా’, ‘అరె, పడుతోందే’, ‘మధ్యాహ్నానికి తగ్గుతుందట’, ‘సరే, తర్వాతే వెళ్తాలే’. ప్రత్యయానికి ప్రత్యయం పక్కనే దొరుకుతోంది. అమ్మ మాటకు మాత్రం మన దగ్గర ‘దొరా’ లాంటి ఒక్క ముక్క లేదు. ‘బయట చలి చంపేస్తోంది’ అనాల్సిందే. అంటే అక్కడ తెలుగు కూడా ఇంగ్లీషులాగే మాట బలం పెంచింది. మనకున్న చిక్కు ఇంకొకటి. జపనీస్ ‘నె’కూ, కొరియన్ ‘జి’కీ, ‘జానా’కూ మన దగ్గర అడ్డంపడేది ఒక్క ‘కదా’యే. అది కలుపుకోలుగా అన్నదో కయ్యానికి అన్నదో గొంతు మీద తేల్చుకోవాలి.

చోటు లేనప్పుడు

కాగితం మీద ఇలా తీరిగ్గా ఎంచుకోవచ్చు. సబ్‌టైటిల్‌కు ఆ వెసులుబాటు ఉండదు. నెట్‌ఫ్లిక్స్ ఇంగ్లీషు సబ్‌టైటిళ్లకు ఒక వరుసలో 42 అక్షరాలు, మొత్తం రెండే వరుసలు. పాత్ర నోరు మూసేలోపు చదవడం కూడా అయిపోవాలి. ‘సపోజ్డ్ టు’ లాంటివి అక్షరాలు తింటాయి. కాబట్టి మంచి సబ్‌టైటిల్ రాసేవాళ్లు అన్నిటినీ తేవాలని చూడరు. తెర మీద ముఖంలో కనిపించేస్తున్నది వదిలేస్తారు. తమ్ముడు కిటికీ వైపు తిరిగి ఆశ్చర్యపోవడం కనిపిస్తుంటే ‘హహ్’ అక్కర్లేదు. ముఖం కనిపించనప్పుడు, ఫోన్‌లో మాట్లాడుతున్నప్పుడు, గొంతుకూ మాటకూ పొంతన లేనప్పుడు మాత్రం పట్టుబట్టి తెస్తారు. ఒక మాటలో పట్టనిదాన్ని పక్క మాటలోకి జరపడమూ ఉంది. అక్క విసుగు ‘ఇన్ దిస్ రెయిన్?’లో ఇరకకపోతే, తర్వాతి మాటలో ఇరికించొచ్చు.

పని చెడిందని పట్టుకోవడానికి మంచి ఆనవాలు తర్వాతి మాట. అనువాదంలో ఒక పాత్ర మామూలుగా ఏదో చెప్పింది, ఎదుటి పాత్ర ఉన్నట్టుండి మండిపడింది, ఎందుకో మనకు అంతు చిక్కలేదు. అలాంటిచోట చాలాసార్లు ‘జానా’నో ‘గొదున్’నో జారిపోయి ఉంటుంది. ఎదుటి పాత్రకు కోపం వచ్చింది సంగతి విని కాదు, అది నీకు తెలిసే ఉండాలన్నట్టు అనడం వల్ల.

కొన్ని ముక్కలు ఎంత ప్రయత్నించినా దాటిరావు. జపనీస్‌లో ‘జొ’, ‘జె’ అనేవి మగవాళ్ల గరుకు మాటకు, ‘వా’, ‘కషిరా’ అనేవి ఆడవాళ్ల సుకుమారానికి గుర్తులుగా కథల్లో స్థిరపడ్డాయి. బయట ఇవాళ్టి అమ్మాయిలు ఇలా మాట్లాడడం అరుదే. కన్సాయ్ ప్రాంతంలోనైతే గొంతు దించి పలికే ‘వా’ను మగవాళ్లూ అంటారు. భాషాశాస్త్రవేత్త సతోషి కిన్సుయి ఇలాంటి మాటతీరుకు ‘పాత్రభాష’ అని పేరు పెట్టి 2003లో పుస్తకం రాశాడు. ఆ మాటతీరు వినగానే మనిషి కనిపించకపోయినా పాత్ర కళ్లముందు కడుతుంది. ఇంగ్లీషులో ఆడ వాక్యం, మగ వాక్యం అంటూ చివర్లో తేడా లేదు. ‘ఇకు జె’ను ‘లెట్స్ డూ దిస్’ అని తోపుగా మార్చొచ్చు. ‘వా’ను మాత్రం చాలామంది వదిలేస్తారు, వదిలెయ్యడమే మేలు కూడా.

ఎదురు దిశలో వచ్చేవాళ్లకు ఈ సౌకర్యం లేదు. ఇంగ్లీషు నుంచి జపనీస్‌లోకి చేసేటప్పుడు లేనిదాన్ని వదిలెయ్యడం కుదరదు, ఏదో ఒకటి పెట్టాలి. ‘ఇట్స్ రెయినింగ్’ అన్న మూడు ముక్కల మాట వచ్చినప్పుడు, ఎదుటివాడికి వర్షం సంగతి తెలుసా తెలియదా, చెప్పింది చనువుతోనా చిరాకుతోనా, ఆ మనిషి ఎలాంటి మనిషి అన్నది అనువాదకుడే నిర్ణయించాలి. ఈ నిర్ణయాల్లో అలవాటు ఎంత పని చేస్తుందో భాషా పరిశోధకురాలు మొమొకొ నకమురా 2013లో అనువాదాల మీద రాసిన పుస్తకంలో చూపింది. ఇంగ్లీషు మాట్లాడే విదేశీ స్త్రీల మాటలకు జపనీస్ అనువాదాల్లో ‘వా’, ‘నొ యొ’ లాంటి సుకుమారపు చివర్లు వచ్చి చేరుతుంటాయి. జపాన్ అమ్మాయిలు తాము వాడడం మానేసిన ఆ మాటతీరు విదేశీ నటీమణుల నోట మాత్రం బతికి ఉంది. వాళ్లెవరూ ఆ అక్షరాలు పలకలేదు, అవి అనువాదకులు చేర్చినవే.